ఆఫీసులోనే ఖాళీ... అప్లికేషన్ మాత్రం గుట్టుగా!

కూచిపూడి అంటే లోకానికి నాట్యం. ఆ ఊళ్లో, ఆ చుట్టుపక్కల ఉండి ఉద్యోగం చేసుకునేవాళ్లకి మాత్రం పొద్దున్నే పామర్రు మీదుగా బెజవాడ వెళ్లే బస్సు కూడా. టిఫిన్ బాక్సు సర్దుకుని, చీకటితో లేచి, సీటు దొరికితే చాలనుకుని ఎక్కేవాళ్లు ఎంతమందో. అలాంటి ఓ అమ్మాయిని ఊహించుకుందాం. పేరెందుకు? మీ ఇంట్లోనే ఉండొచ్చు. విజయవాడలో ఓ ప్రైవేటు సంస్థలో ఎకౌంట్స్ అసిస్టెంటు. చేరి నాలుగేళ్లు దాటింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె కంప్యూటర్లోకి హెచ్‌ఆర్ విభాగం నుంచి ఓ సర్క్యులర్ వచ్చింది. బందరు శాఖలో ఖాళీ ఉందట. కూచిపూడి నుంచి బందరు అంటే బెజవాడతో పోలిస్తే దాదాపు సగం దూరం. జీతం కాస్త ఎక్కువ. ముందు సంతోషం. వెంటనే గుబులు. ‘అప్లై చేశానని మా సారుకు తెలిస్తే? తీరా ఆ ఉద్యోగం రాకపోతే? మళ్లీ అదే సీట్లో, అదే సారు ముందు కూర్చోవాలి కదా!’

ఈ గుబులు కొత్తదేమీ కాదు. అందుకే చాలా కంపెనీల అంతర్గత ఖాళీల ప్రకటనల్లో ‘మీ వివరాలు గోప్యంగా ఉంటాయి’ అనే వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? అర్హతలు చదివేటప్పుడు ఎక్కడ ఆగి చూడాలి? ఇలాంటి సర్క్యులర్లు సాధారణంగా ఎలా ఉంటాయో, అలాంటిదొకటి ముందు పెట్టుకుని చూద్దాం.

‘అంతర్గత ఖాళీ ప్రకటన. తేదీ: ఆగస్టు 5, 2025. గ్రూపులోని అన్ని సంస్థల ఉద్యోగులకు. పోస్టు: సీనియర్ ఎకౌంట్స్ అసిస్టెంట్, ఒకటి. స్థలం: మచిలీపట్నం. అర్హత: బీకాం. ప్రస్తుత హోదాలో కనీసం 12 నెలల సర్వీసు. గత ఏడాది పనితీరు మదింపులో సంతృప్తికరం లేదా ఆపై గ్రేడు. క్రమశిక్షణ చర్యలేవీ పెండింగులో ఉండరాదు. ప్రొబేషన్‌లో ఉన్నవారు అర్హులు కారు. అర్హతలన్నిటికీ ఆఖరు తేదీ అయిన ఆగస్టు 14 ప్రామాణికం. దరఖాస్తులు నేరుగా హెచ్‌ఆర్‌కు పంపాలి. పై అధికారి సంతకం అవసరం లేదు. ఇంటర్వ్యూకు ఎంపికయ్యే వరకు దరఖాస్తుదారుల వివరాలు గోప్యంగా ఉంచబడతాయి. ఎంపికైన వారిని 45 రోజుల్లోగా ప్రస్తుత విభాగం నుంచి విడుదల చేస్తారు.’

చూడ్డానికి చిన్న కాగితమే. ఒక్కో మాట వెనక ఒక్కో మెలిక.

పన్నెండు నెలలు... ఎప్పటి నుంచి?

మన అమ్మాయి కంపెనీలో చేరింది 2021 జూన్ 10న. ఆరు నెలల ప్రొబేషన్ పూర్తయి, ఉద్యోగం ఖాయమైన లెటరు కూడా చేతికొచ్చింది. మొదట సేల్స్ బిల్లులు చూసేది. 2024 సెప్టెంబరు 1 నుంచి స్టోర్స్ లెక్కలు చూస్తోంది. మరి ‘ప్రస్తుత హోదాలో 12 నెలలు’ ఉన్నట్టా, లేనట్టా?

స్టోర్స్ సీటును కొత్త హోదాగా లెక్కేస్తే ఆగస్టు 14 నాటికి ఆమెకు పదకొండున్నర నెలలే. రెండు వారాలు తక్కువ. దరఖాస్తు మొదటి వడపోతలోనే పక్కకు పోతుంది. చాలామంది ఇక్కడే ఉసూరుమని కాగితం మూసేస్తారు. అలా మూసేయకుండా బీరువాలోంచి పాత ఆర్డరు తీసి చదవాలి. 2024లో ఆమెకిచ్చిన కాగితం ‘విభాగం మార్పు’ అంటోందా, ‘హోదా మార్పు’ అంటోందా? ఆమె ఆర్డరులో ఉన్నది ఇదీ: ‘మీ హోదా, గ్రేడు, ఇతర నిబంధనల్లో మార్పు లేకుండా స్టోర్స్ విభాగానికి బదిలీ చేయడమైనది.’ అంటే హోదా 2021 నుంచీ ఎకౌంట్స్ అసిస్టెంటే. పన్నెండు నెలలేం ఖర్మ, నాలుగేళ్లు దాటింది!

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. కొందరికి పని మారుతుంది, కాగితం మారదు. ఏడాదిగా సూపర్‌వైజరు పని చేస్తుంటారు, ఆర్డరు మాత్రం అసిస్టెంటుగానే ఉంటుంది. ఖాళీ పోస్టు ‘సూపర్‌వైజరుగా ఏడాది అనుభవం’ అడిగితే, చేసిన పని మొత్తం నోటి మాటగా మిగిలిపోతుంది. పేస్లిప్పులో ఏ హోదా అచ్చయిందో హెచ్‌ఆర్ చూసేది దాన్నే. అందుకే అదనపు బాధ్యత అప్పగించిన రోజున ఒక్క మెయిలైనా అడిగి తీసుకోవాలి.

తేదీ విషయంలోనూ అంతే. సర్వీసు లెక్క ప్రకటన తేదీ నాటికా, ఆఖరు తేదీ నాటికా, కొత్త సీట్లో చేరే తేదీ నాటికా అన్నది రాయని సర్క్యులర్లు బోలెడు. రాయకపోతే అడగాలి. మదింపు గ్రేడు కూడా ఏ ఏడాదిదో తేల్చుకోవాలి. మార్చితో ముగిసిన ఏడాది గ్రేడు ఆగస్టుకు కూడా ఖరారు కాని ఆఫీసులు ఉంటాయి. అప్పుడు అంతకు ముందు ఏడాదిది తీసుకుంటారా అన్నది హెచ్‌ఆర్ చెప్పాల్సిన మాట. ఈ ప్రశ్నలు అడిగినంత మాత్రాన మీరు అప్లై చేసినట్టు కాదు.

బందరు ఆఫీసు ఎవరిది?

సర్క్యులరులో అందరూ దాటేసే మాట మరొకటి ఉంది. ‘గ్రూపులోని అన్ని సంస్థల ఉద్యోగులకు.’ బోర్డు మీద పేరు ఒకటే. యజమాని ఒకరే. క్యాంటీన్ టీ కూడా ఒకేలా ఉండొచ్చు. కానీ బందరు ఆఫీసు చట్టం దృష్టిలో వేరే కంపెనీ అయితే? అప్పుడది బదిలీ కాదు. ఇక్కడ రాజీనామా, అక్కడ కొత్త నియామకం.

దీనివల్ల నష్టమేమిటో గ్రాట్యుటీ లెక్కతో తేలిగ్గా అర్థమవుతుంది. పర్మనెంటు ఉద్యోగి మానేసేటప్పుడు గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా ఒకే యజమాని దగ్గర అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పోయి, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చినా పర్మనెంటు వాళ్లకు ఈ అయిదేళ్ల సంగతి అలాగే ఉంది. నిర్ణీత కాలానికి తీసుకునే ఉద్యోగులకు మాత్రం ఏడాది చాలన్నారు. లెక్క ఎలాగంటే, చివరి నెల జీతంలో గ్రాట్యుటీకి లెక్కకొచ్చే మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించాలి. అది ఒక్క ఏడాదికి. దాన్ని ఎన్నేళ్లు చేశారో అన్నిటితో హెచ్చవేయాలి.

మన అమ్మాయి నాలుగేళ్లు బెజవాడలో చేసి, బందరు వెళ్లి మరో మూడేళ్లు చేసి మానేసిందనుకుందాం. అప్పటికి ఆ లెక్కకొచ్చే జీతం రూ.20,800. ఏడాదికి రూ.12,000 చొప్పున గ్రాట్యుటీ. ఏడేళ్ల సర్వీసూ కలిపి చూస్తే రూ.84,000. అదే బెజవాడలో రాజీనామా చేసి బందరులో కొత్తగా చేరినట్టు కాగితాలుంటే? అక్కడ నాలుగేళ్లు, ఇక్కడ మూడేళ్లు. రెండు చోట్లా అయిదు నిండలేదు. చేతికి వచ్చేది సున్నా.

అలా జరక్కుండా చూసుకోవచ్చు. పాత సంస్థ, కొత్త సంస్థ, ఉద్యోగి... ముగ్గురి మధ్యా ఓ బదిలీ లెటరు రాసుకుని, ‘2021 జూన్ 10 నుంచి సర్వీసు నిరంతరంగా పరిగణిస్తాం, గ్రాట్యుటీ బాధ్యత కొత్త సంస్థ తీసుకుంటుంది’ అని అందులో చేర్పించుకోవాలి. మంచి హెచ్‌ఆర్ అయితే అడక్కుండానే ఇస్తుంది. ఇవ్వకపోతే చేరకముందే అడగాలి. చేరాక అడిగితే వినేవాళ్లు తక్కువ. పీఎఫ్‌కు ఇంత బాధ లేదు. యూఏఎన్ నంబరు అదే ఉంటుంది. పాత ఖాతాలో డబ్బు డ్రా చేసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ పెట్టుకుంటే చాలు.

మీ యజమాని ఎవరో తెలుసుకోవడం ఎలా అంటారా? మీ పేస్లిప్పు పైన ఉన్న పూర్తి పేరును, బందరులో పనిచేసే తోటి ఉద్యోగి పేస్లిప్పు మీది పేరుతో పోల్చండి. చివర్లో ఒక్క మాట తేడా ఉన్నా సరే, హెచ్‌ఆర్‌ను అడగాల్సిందే.

‘వరకు’ అన్న మాట

ఇక అసలు గుట్టు దగ్గరికి వద్దాం. సర్క్యులర్ ఏమంది? ‘ఇంటర్వ్యూకు ఎంపికయ్యే వరకు’ గోప్యం అంది. ఆ ‘వరకు’ను చాలామంది చదవరు. ఇంటర్వ్యూ జాబితాలో పేరు చేరిన రోజున హెచ్‌ఆర్ మీ పై అధికారికి చెబుతుంది. పనితీరు ఎలా ఉందని అడుగుతుంది, ఎప్పటికి విడుదల చేయగలరని అడుగుతుంది. అంటే ఈ గోప్యత తాత్కాలికం. కాదన్నవాళ్లను కాపాడుతుంది, ముందుకెళ్లిన వాళ్లను కాదు. కొన్ని సంస్థలు ఉద్యోగం ఖరారయ్యాకే మేనేజరుకు చెబుతాయి. మరికొన్నిటిలో అప్లికేషన్ పెట్టిన క్షణమే చెప్పేస్తారు. మీది ఏ రకమో దరఖాస్తుకు ముందే తెలియాలి.

పెద్ద కంపెనీల్లో కాగితం ఉండదు. కంప్యూటర్లో ఓ పోర్టల్, అందులో ఓ బటన్. ఆ బటన్ నొక్కగానే ‘మీ ఉద్యోగి ఫలానా పోస్టుకు దరఖాస్తు చేశారు’ అని పై అధికారికి దానంతట అదే మెయిలు వెళ్లేలా అమర్చి ఉండొచ్చు. హెచ్‌ఆర్ మేడమ్ నోరు విప్పకపోయినా సాఫ్ట్‌వేర్ విప్పేస్తుంది! కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ‘నేను అప్లై చేస్తే ఆ సంగతి ఎవరెవరికి, ఏ దశలో చేరుతుంది?’ జవాబు మెయిల్లో వస్తే మరీ మంచిది. ఫోన్లో చెబితే, ‘మీరు చెప్పింది ఇలా అర్థమైంది’ అని మీరే రెండు వాక్యాలు రాసి పంపించొచ్చు.

హెచ్‌ఆర్ నుంచి కంటే మన చేతుల మీదుగానే ఎక్కువ పొక్కుతుంటుంది. ఆఫీసు ప్రింటర్లో బయోడేటా ప్రింటు ఇచ్చి, ఫోన్ వస్తే మాట్లాడుతూ ఉండిపోతారు. ఆ కాగితం ట్రేలో అందరికీ కనబడుతుంది. విభాగమంతా వాడుకునే ఫోల్డర్లో ‘బందరు అప్లికేషన్’ అనే పేరుతో ఫైలు దాస్తారు. ఇంటర్వ్యూ సమయాన్ని హెచ్‌ఆర్ ఆఫీసు క్యాలెండర్లో పెడుతుంది, ఆ క్యాలెండర్ మీ టీములో అందరికీ తెరిచి ఉంటుంది. మేనేజరు మెయిళ్లు చూసే సహాయకుడికే హెచ్‌ఆర్ పెట్టెలోకీ ప్రవేశం ఉన్న చిన్న ఆఫీసులూ లేకపోలేదు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యాహ్నం డబ్బా విప్పుకునేటప్పుడు పక్క సీటు వదినకు చెప్పుకోవడం. ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాటతో మొదలైన వార్త ఆఫీసులో ఎంత వేగంగా తిరుగుతుందో మీకు నేను చెప్పాలా!

మన అమ్మాయి ఏం చేయాలి? బయోడేటా ఇంట్లో తయారు చేసుకోవాలి. సర్క్యులర్ చెప్పిన చిరునామాకే పంపాలి, సబ్జెక్టులో ప్రకటన నంబరు తప్ప ‘బందరు పోస్టు కోసం’ లాంటి మాటలు వద్దు. సిఫారసుకు పేరివ్వమంటే ప్రస్తుత విభాగం వాళ్లది కాకుండా, పాత సేల్స్ విభాగంలో తన పని చూసిన వారిది ఇవ్వాలి, అదీ వారికి ముందుగా చెప్పి. ఇంటర్వ్యూ పిలుపును క్యాలెండర్లో ‘ప్రైవేటు’గా పెట్టమని హెచ్‌ఆర్‌నే కోరవచ్చు. వింతగా చూడరు, వాళ్లకిది రోజూ ఉండే పని. ఆఫీసు మెయిలు కంపెనీ సొత్తన్న సంగతి మాత్రం మరవకూడదు. కంపెనీ వ్యవస్థల మీద పంపిన దేనికైనా పూర్తి గోప్యత ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకో మాట. చెప్పకుండా ఉండటం వేరు, అబద్ధం చెప్పడం వేరు. సారు నేరుగా ‘బందరుకు పెట్టావటగా?’ అని అడిగితే ‘అబ్బే, లేదండీ’ అనడం నాకైతే సరైన పనిగా కనిపించదు. వారం తర్వాత హెచ్‌ఆర్ నుంచి ఆయనకు కబురు వెళ్తుంది. అప్పుడు పోయేది ఉద్యోగం కాదు, నమ్మకం. ‘అవునండీ, ప్రకటన చూసి పెట్టాను. జాబితాలో పేరుంటే నేనే మీకు చెబుదామనుకున్నాను’ అంటే సరిపోతుంది. అడగకపోయినా, ఇంటర్వ్యూ జాబితాలో పేరుందని తెలిసిన రోజే, హెచ్‌ఆర్ చెప్పేలోగా తానే వెళ్లి చెప్పుకోవడం మేలు. కారణం కూడా సూటిగా ఉండాలి. ‘ఇంటికి దగ్గర, పై గ్రేడు’ అంటే ఏ మేనేజరైనా అర్థం చేసుకుంటాడు. ఆయన మీద ఫిర్యాదులా వినిపించకూడదంతే.

రైల్వే ఆఫీసులో గుట్టుండదు

ఇదంతా చదివి రైల్వేలోనో, పోస్టాఫీసులోనో చేసేవాళ్లు నవ్వుకుంటారు. విజయవాడ రైల్వే వాళ్ల ఊరు కదా, వాళ్ల పద్ధతి చూద్దాం. రైల్వేలో అంతర్గతంగా పై పోస్టుకు వెళ్లే దారుల్లో జీడీసీఈ ఒకటి. ‘జనరల్ డిపార్ట్‌మెంటల్ కాంపిటీటివ్ ఎగ్జామినేషన్’ అన్నమాట. బయటివాళ్లతో భర్తీ చేయాల్సిన ఖాళీల్లో నాలుగో వంతు వరకు సొంత ఉద్యోగులకు కేటాయించి, పరీక్ష పెడతారు. ట్రాక్ మీద పనిచేసే యువకుడు చదువు అర్హత ఉంటే ఇంజిను ఎక్కే పోస్టుకో, క్లర్కు పోస్టుకో పోటీ పడొచ్చు. వయసులో కూడా వెసులుబాటు ఉంటుంది. సాధారణ వర్గాలకు 42, ఓబీసీలకు 45, ఎస్సీ ఎస్టీలకు 47 ఏళ్ల దాకా.

అక్కడ రహస్యమంటూ ఏమీ లేదు. నోటిఫికేషన్ అందరికీ తెలుస్తుంది. దరఖాస్తులోని సర్వీసు వివరాలను ఉద్యోగి పనిచేసే విభాగమూ, పర్సనల్ బ్రాంచీ సరిచూస్తాయి. అంటే పై అధికారికి తెలియకుండా పోదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ‘త్రూ ప్రాపర్ ఛానెల్’ అని అప్లికేషన్ నెత్తిన రాసే అలవాటు కూడా ఇదే. అక్కడ గుట్టుగా పెట్టడమంటే తప్పు చేయడమే.

దానికి బదులుగా వాళ్లకు దక్కేది ఒకటుంది. ఎవరు అర్హులు, సిలబస్ ఏమిటి, చివరికి ఎవరు ఎంపికయ్యారు అన్నది అందరి కళ్ల ముందూ ఉంటుంది. తనను అనర్హుడన్నారనుకోండి, ఏ నిబంధన ప్రకారం అన్నారో పట్టుకుని అర్జీ పెట్టుకోవచ్చు. ప్రైవేటులో దరఖాస్తు పెట్టిన సంగతి ఎవరికీ తెలియదు. నిజమే. కానీ ఎందుకు తీసుకోలేదన్నదీ తెలియదు. ‘ఈసారికి ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం’ అని రెండు వాక్యాల మెయిలు వస్తుంది. ఖాళీని ముందుగా సొంత ఉద్యోగులకే చూపించాలని ప్రైవేటు సంస్థలను నిర్బంధించే సాధారణ చట్టం మన దగ్గర లేదు. సర్క్యులర్ ఇచ్చేదీ, నిబంధన పెట్టేదీ సంస్థే. గుట్టుకు మనం చెల్లించే ధర ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

అందుకే ప్రైవేటు సర్క్యులర్ చదివేటప్పుడు మరో అనుమానం కూడా పెట్టుకోవాలి. పోస్టు ఇప్పటికే ఎవరికో అనుకుని, లాంఛనంగా కాగితం బయటపెట్టారా? గడువు రెండే రోజులుంటే, అర్హతలు ఒక్క మనిషిని కొలిచి కుట్టిన చొక్కాలా ఉంటే, ఆ సీట్లో మూడు నెలలుగా ఒకరు ‘ఇన్‌ఛార్జి’గా కూర్చుని ఉంటే... అవకాశం తక్కువనే అర్థం. అయినా పెట్టకూడదని కాదు. పేరు హెచ్‌ఆర్ దృష్టిలో పడుతుంది. ఆశ మాత్రం కొలతగా పెట్టుకోవాలి. మన అమ్మాయి చూసిన సర్క్యులర్ తొమ్మిది రోజుల గడువిచ్చింది. అర్హతలు మామూలువి. ఇందులో నిజంగానే ఖాళీ ఉన్నట్టుంది.

నలభై అయిదు రోజులు

అనుకున్నట్టే ఆమెకు ఇంటర్వ్యూ జరిగి, సెప్టెంబరు 8న ఎంపికైనట్టు మెయిలు వచ్చిందనుకుందాం. పని అయిపోలేదు. విడుదల కావాలి. ‘45 రోజుల్లోగా’ అంటే అక్టోబరు 23 లోగా. అయితే ఎప్పటి నుంచి 45? మెయిలు వచ్చిన రోజు నుంచా, ఆమె ఒప్పుకుంటూ జవాబు రాసిన రోజు నుంచా, ఆమె సీట్లోకి వేరేవాళ్లు వచ్చిన రోజు నుంచా? మూడోది అయితే ఆ తేదీ ఎప్పటికీ రాకపోవచ్చు. స్టోర్స్ లెక్కలు అర్థమైన మనిషి వెళ్లిపోతుంటే ఏ మేనేజరుకైనా చేతులు విరిగినట్టే ఉంటుంది. ‘మార్చి లెక్కలు అయ్యాక చూద్దాం’ అంటారు. బందరు వాళ్లు అప్పటిదాకా ఆగలేక జాబితాలో రెండో పేరును పిలుస్తారు. అంతర్గత ఖాళీల్లో జరిగే అన్యాయం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఇంటర్వ్యూ గదిలో కాదు.

దీనికి హెచ్‌ఆర్ దగ్గర ఒకే మందు ఉంది. విడుదల తేదీని అంకెల్లో రాసి, ఆ మెయిలును ఇద్దరు మేనేజర్లకూ పంపడం. ఉద్యోగి వైపు నుంచి చేయగలిగింది, ఆ తేదీకల్లా తన సీటు అప్పగించే పట్టిక సిద్ధం చేయడం. ఏ సరఫరాదారుడి బిల్లు ఏ దశలో ఉంది, నెలాఖరు స్టాకు లెక్క ఎలా తీస్తారు, ఏ ఫైలు ఎక్కడుంది అన్నవన్నీ రాసి, మేనేజరు చేతిలో పెడితే ‘వెళ్లిపోతే ఎలా’ అన్న మాటకు బలం తగ్గుతుంది. మన అమ్మాయి అయితే సెప్టెంబరు మూడో వారంలోనే ఆ పట్టిక మొదలుపెట్టాలి.

డబ్బు సంగతీ ఇప్పుడే తేల్చుకోవాలి. పై గ్రేడు అన్నారు కదాని జీతం దానంతట అదే పెరగదు. పెరుగుదల కొత్త సీట్లో చేరిన రోజు నుంచా, వచ్చే ఏప్రిల్ నుంచా అన్నది ఆఫర్ లెటరులో ఉండాలి. సొంతంగా కోరుకుని వెళ్లే మార్పుకు సామాన్ల తరలింపు ఖర్చు, బదిలీ సెలవు ఇవ్వని సంస్థలు ఎక్కువ. కూచిపూడిలో ఇల్లున్న మనిషికి దాంతో పనిలేదులెండి. ఊరు మారేవాళ్లు మాత్రం అడగాలి.

ఒకవేళ రాకపోతే? సారుకు ఇప్పుడు తెలిసిపోయింది. ఆ ఇబ్బంది ఉంటుంది, లేదని చెప్పడం దేనికి. హెచ్‌ఆర్‌ను రెండే ప్రశ్నలు అడగవచ్చు. ‘ఏ అంశంలో తగ్గాను? మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చు?’ చాలా సంస్థల్లో ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఎంపిక కాని వాళ్లు కొన్ని నెలలు ఆగాలన్న నియమం ఉంటుంది. ఎన్ని నెలలో రాసుకోవాలి. ఆ ఏడాది మదింపులో గ్రేడు కారణం లేకుండా పడిపోయిందనిపిస్తే, అప్లికేషన్ ముందు, తర్వాత వచ్చిన గ్రేడులు రెండూ పక్కపక్కన పెట్టి హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా చూపించొచ్చు. ‘నా మీద కక్ష కట్టారు’ అనే మాట కంటే ఆ రెండు కాగితాలే బాగా మాట్లాడతాయి.

మన అమ్మాయి సంగతి అక్కడిదాకా వెళ్లదనుకుందాం. అక్టోబరు 23 గురువారం. పొద్దున్నే కూచిపూడి సెంటర్లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె బ్యాగులో మూడు కాగితాలుండాలి. ఈ రోజుతో బెజవాడ ఆఫీసు నుంచి విడుదలైనట్టు లెటరు, సర్వీసు 2021 జూన్ 10 నుంచి నిరంతరమని రాసిన బదిలీ లెటరు, కొత్త జీతం ఏ తేదీ నుంచో చెప్పే ఆఫర్ లెటరు. మొదటిది సాయంత్రం చేతికొస్తుంది. మిగతా రెండూ అంతకుముందే వచ్చి ఉండాలి.